థీసిస్ రివ్యూ కోసం ట్రయల్ పేపర్ల నుంచి వివరాల పట్టిక: తరచుగా అడిగే ప్రశ్నలు

పీజీ థీసిస్‌లో రివ్యూ రాసే జూనియర్లు నన్ను అడిగే ప్రశ్నలు ఇవి. ఉదాహరణలన్నీ ఒకే అంశం నుంచి తీసుకున్నాను: గుండె వైఫల్యం (హార్ట్ ఫెయిల్యూర్) ఉన్నవాళ్లలో ఎస్‌జీఎల్‌టీ2 మందులు. పెద్ద ట్రయల్స్ ఐదారే ఉన్నా పట్టికలో రాగల చిక్కులన్నీ ఇక్కడే ఎదురవుతాయి. మీ అంశం వేరైనా కాలమ్స్ వేసే తీరు ఇదే.

## పేపర్లలో హైలైట్ చేసి పెట్టుకుంటే చాలదా? మళ్లీ పట్టిక ఎందుకు?

పది పేపర్ల దాకా చాలు. ఆ తర్వాత ఏ అంకె ఏ పేపర్‌లో చూశామో గుర్తుండదు. ఇంకో కారణం కూడా ఉంది. ప్రిస్మా 2020 చెక్‌లిస్టు ప్రకారం వివరాలు ఎవరు, ఎలా సేకరించారో, ఏయే ఔట్‌కమ్‌ల కోసం వెతికారో మెథడ్స్‌లో రాయాలి. పట్టిక లేకుండా ఆ రెండు పేరాలు నిజాయితీగా రాయడం కష్టం.

## ఒక్కో పేపర్‌కి ఒక్కో వరుసా, ఒక్కో ట్రయల్‌కి ఒక్కో వరుసా?

ట్రయల్‌కి. నేను మొదట పేపర్‌కో వరుస వేసి దెబ్బ తిన్నాను.

2019లో వచ్చిన డాపా-హెచ్‌ఎఫ్ ట్రయల్‌లో 4,744 మంది ఉన్నారు. అసలు ఫలితాల పేపర్ తర్వాత అదే ట్రయల్ నుంచి వయసును బట్టి ఫలితాలు, షుగర్ ఉన్నవాళ్లూ లేనివాళ్లూ, జీవన నాణ్యత అంటూ వేర్వేరు జర్నల్స్‌లో చాలా పేపర్లు వచ్చాయి. మొదటి రచయిత మారతాడు, సంవత్సరం మారుతుంది, జర్నల్ మారుతుంది. వెతుకులాటలో అవన్నీ కొత్త పేపర్లలాగే కనబడతాయి. నేను మూడింటిని మూడు వరుసలుగా వేసి కింద మొత్తం కూడితే ఆ ఒక్క ట్రయల్ నుంచే 14 వేలు దాటింది. మా గైడ్ చూసి, "ఇంతమంది రోగులు నీకెక్కడ దొరికారమ్మా?" అని అడిగారు. అప్పటికి డ్రాఫ్ట్‌లో రెండు పేజీలు ఆ మొత్తం మీదే రాసేశాను.

పేపర్లు వేరైనా ట్రయల్ ఒకటేనని చెప్పే నమ్మకమైన గుర్తు రిజిస్ట్రేషన్ నంబరు. డాపా-హెచ్‌ఎఫ్‌ది NCT03036124. దాని నుంచి వచ్చిన ఏ పేపర్ తీసినా ఈ నంబరు అబ్‌స్ట్రాక్ట్ చివరో మెథడ్స్‌లోనో ఉంటుంది. భారత్‌లో జరిగిన ట్రయల్స్‌కైతే సీటీఆర్‌ఐ నంబరు చూడండి. పాత చిన్న ట్రయల్స్‌లో నంబరే ఉండదు. అప్పుడు ఊరు, ఆసుపత్రి, రోగులను చేర్చుకున్న తేదీలు, మందు డోసు, రెండు గ్రూపుల్లోని సంఖ్యలు పోల్చాలి. ఇవన్నీ కలిస్తే అది దాదాపుగా ఒకే ట్రయల్.

కాబట్టి ట్రయల్‌కి ఒక గుర్తింపు పేరు, పేపర్‌కి మరో గుర్తింపు పేరు పెట్టుకోండి. ఒక ట్రయల్ కింద ఎన్ని పేపర్లైనా ఉండొచ్చు. రెండో పేపర్‌ని పారేయొద్దు. మొదటి పేపర్‌లో లేని ఔట్‌కమ్ అందులోనే దొరుకుతుంది.

## అన్నీ ఒకే షీట్‌లో పెట్టొచ్చా?

పెట్టొద్దు. ఔట్‌కమ్స్‌ని పక్కపక్క కాలమ్స్‌గా పెంచుకుంటూ పోతే ఇరవై పేపర్లకే షీటు అరవై కాలమ్స్ దాటి, సగం గడులు ఖాళీగా ఉంటాయి. రెండు షీట్లు చేయండి. మొదటి దాంట్లో ట్రయల్‌కి ఒక వరుస: డిజైన్, శాంపిల్. రెండో దాంట్లో ఒక ట్రయల్‌లోని ఒక ఔట్‌కమ్, ఒక సమయం కలిపి ఒక వరుస. ఔట్‌కమ్స్ పెరిగితే షీటు కిందికి పెరుగుతుంది, పక్కకు పెరగదు.

```
trials:   study_id, reg_no, design, blinding, stopped_early,
          population, n_rand_T, n_rand_C, followup_reported, followup_months
outcomes: study_id, report_id, outcome, definition, time, unit,
          n_T, events_T, n_C, events_C, effect, ci_low, ci_high,
          where_found, note
```

ఇందులో T అంటే మందు గ్రూపు, C అంటే పోలిక గ్రూపు. ఎక్కువమంది వదిలేసే కాలమ్స్ రెండు: `definition`, `where_found`. వీటి గురించి కింద వివరంగా చెప్తాను.

## డిజైన్ కాలమ్‌లో "ఆర్‌సీటీ" అని రాస్తే చాలదా?

మీరు ఆర్‌సీటీలే తీసుకుంటున్నప్పుడు ఆ కాలమ్ పొడుగునా ఒకే మాట ఉంటుంది. అది ఏమీ చెప్పదు. ట్రయల్‌కీ ట్రయల్‌కీ తేడా చూపే సంగతులు రాయండి: ప్యారలల్ గ్రూపులా, క్రాస్‌ఓవరా? ఎవరెవరికి బ్లైండింగ్ ఉంది? పోలిక ప్లాసిబోతోనా, మామూలు చికిత్సతోనా? అనుకున్నదాని కన్నా ముందే ఆపేశారా?

చివరి ప్రశ్న ఎందుకో సోలోయిస్ట్ ట్రయల్ చూస్తే తెలుస్తుంది. సోటాగ్లిఫ్లోజిన్ మీద 1,222 మందితో జరిగిన ఈ ట్రయల్‌ని స్పాన్సర్ నిధులు ఆగిపోవడంతో ముందే ముగించారు. అంతటితో ఆగలేదు, ప్రైమరీ ఔట్‌కమ్‌ని కూడా మార్చారు. "డబుల్ బ్లైండ్ ఆర్‌సీటీ" అని మాత్రమే రాసుకుంటే డిస్కషన్ రాసే రోజున ఈ సంగతి గుర్తుకు రాదు.

## శాంపిల్ కాలమ్‌లో ఏ సంఖ్య వేయాలి? ఒకే పేపర్‌లో మూడు నాలుగు కనబడుతున్నాయి.

రెండు గ్రూపుల్లోకి ర్యాండమైజ్ చేసిన సంఖ్యలు వేయండి, గ్రూపు వారీగా. డాపా-హెచ్‌ఎఫ్‌లో అవి 2,373, 2,371. అదే పేపర్‌లో దుష్ప్రభావాల టేబుల్ చూస్తే రెండు వైపులా 2,368 ఉంటుంది. మందు ఒక్కసారి కూడా వేసుకోని ఎనిమిది మందిని అక్కడ లెక్కలోంచి తీసేశారు. ఇది పొరపాటు కాదు, లెక్క వేరు. అందుకే ఔట్‌కమ్ షీటులో `n_T`, `n_C` మళ్లీ వేరుగా ఉన్నాయి. ఏ ఔట్‌కమ్‌ని ఎంతమందిలో లెక్కించారో ఆ వరుసలోనే ఉండాలి. మొదటి షీటు నుంచి కాపీ చేస్తే భాగహారం తప్పుతుంది.

`population` కాలమ్‌లో సగటు వయసు, ఆడ-మగ శాతం ఎలాగూ వేస్తారు. ఈ అంశంలో ఎవరిని చేర్చుకున్నారన్నదే అసలు విషయం. డాపా-హెచ్‌ఎఫ్, ఎంపరర్-రెడ్యూస్డ్ రెండూ ఎజెక్షన్ ఫ్రాక్షన్ 40 శాతం లేదా అంతకన్నా తక్కువ ఉన్నవాళ్లను తీసుకున్నాయి. ఎంపరర్-ప్రిజర్వ్‌డ్, డెలివర్ 40 పైన ఉన్నవాళ్లను తీసుకున్నాయి. సోలోయిస్ట్‌కి ఫ్రాక్షన్ షరతు లేదు, కానీ టైప్ 2 షుగర్ ఉండాలి, గుండె వైఫల్యం ముదిరి ఈ మధ్యే ఆసుపత్రిలో చేరి ఉండాలి. పక్కపక్కన పెట్టగానే ఎవరితో ఎవరిని కలపకూడదో కనబడుతుంది.

ఫాలో-అప్ పేపర్‌లో ఎలా ఉంటే అలాగే ఒక కాలమ్‌లో, నెలల్లోకి మార్చి ఇంకో కాలమ్‌లో వేయండి. డెలివర్ 2.3 సంవత్సరాలు అంటుంది, ఎంపరర్-ప్రిజర్వ్‌డ్ 26.2 నెలలు అంటుంది. ఒకే కాలమ్‌లో 2.3, 26.2 పక్కపక్కన ఉంటే రాత్రి పదకొండింటికి ఏది ఏమిటో తెలియదు.

## ఔట్‌కమ్ కాలమ్‌లో పేపర్ చెప్పిన ప్రైమరీ ఔట్‌కమ్ వేసేస్తే సరిపోతుందా?

సరిపోదు. పట్టికలు ఎక్కువగా చెడేది ఇక్కడే, అందుకే దీని మీద కాస్త ఆగుతాను.

ఎంపరర్-రెడ్యూస్డ్ ప్రైమరీ ఔట్‌కమ్: గుండె జబ్బుతో మరణం లేదా గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరడం. డాపా-హెచ్‌ఎఫ్ ప్రైమరీ ఔట్‌కమ్: గుండె జబ్బుతో మరణం లేదా గుండె వైఫల్యం ముదరడం. ముదరడమంటే ఆసుపత్రిలో చేరడం ఒక్కటే కాదు, అత్యవసరంగా వచ్చి నరం ద్వారా మందు ఎక్కించుకుని ఇంటికి వెళ్లడం కూడా. పైపైన చూస్తే రెండూ ఒకటే. నిర్వచనం చదివితే ఒకటి కాదు.

డాపా-హెచ్‌ఎఫ్ ప్రైమరీ అంకెలు: మందు గ్రూపులో 386 మంది, ప్లాసిబోలో 502 మంది, హజార్డ్ రేషియో 0.74. కానీ అదే టేబుల్‌లో కింద సెకండరీ ఔట్‌కమ్స్‌లో "గుండె జబ్బుతో మరణం లేదా ఆసుపత్రిలో చేరడం" అని విడిగా ఉంది: 382, 495, హజార్డ్ రేషియో 0.75. ఎంపరర్-రెడ్యూస్డ్ ప్రైమరీ అంకెలు 361, 462, హజార్డ్ రేషియో 0.75. వాటి పక్కన పెట్టాల్సింది ఈ రెండో వరుసని. అంటే ఒక ట్రయల్ ప్రైమరీని ఇంకో ట్రయల్ సెకండరీతో పోల్చాలి. ఇక్కడ తేడా నాలుగు, ఏడుగురు మాత్రమే కాబట్టి ఫలితం తారుమారు కాలేదు. అత్యవసర సందర్శనలు ఎక్కువగా ఉన్న ట్రయల్‌లో అలా ఉండకపోవచ్చు.

అందుకే పని మొదలుపెట్టే ముందే మీ ఔట్‌కమ్స్‌ని మీరే నిర్వచించుకోండి. ప్రతి పేపర్‌లో ఆ నిర్వచనానికి సరిపడేది వెతకండి, అది ప్రైమరీనా సెకండరీనా అన్నది పక్కన పెట్టి. `definition` గడిలో పేపర్ మాటల్నే కుదించకుండా పెట్టండి. కాంపోజిట్ ఔట్‌కమ్ ఉంటే దాని భాగాలకు కూడా విడి వరుసలు వేయండి. ఎందుకో గుండె జబ్బు మరణాల వరుస చూస్తే అర్థమవుతుంది: డాపా-హెచ్‌ఎఫ్‌లో హజార్డ్ రేషియో 0.82, 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ 0.69 నుంచి 0.98. ఎంపరర్-రెడ్యూస్డ్‌లో 0.92, ఇంటర్వల్ 0.75 నుంచి 1.12. కాంపోజిట్‌లో అచ్చం ఒకేలా కనిపించిన రెండు ట్రయల్స్ విడదీస్తే అంత ఒకేలా లేవు.

## "ఈవెంట్లు" అని ఉంటే ఆ అంకెను అలాగే వేసుకోవచ్చా?

ముందు అది మనుషుల లెక్కా, ఘటనల లెక్కా చూడండి. ఎంపరర్-రెడ్యూస్డ్‌లో మందు గ్రూపులో కనీసం ఒకసారి ఆసుపత్రిలో చేరినవాళ్లు 246 మంది. మొత్తం చేరికలు 388, ఎందుకంటే కొందరు రెండు మూడుసార్లు చేరారు. 388ని 1,863తో భాగించి "21 శాతం మంది" అని రాస్తే తప్పు. 246 తీసుకుంటే 13.2 శాతం వస్తుంది, పేపర్‌లో ఉన్నదీ అదే.

సోలోయిస్ట్ ప్రైమరీ మొత్తం ఘటనల లెక్కే: 608 మందిలో 245, 614 మందిలో 355. దాన్ని రిస్క్ రేషియోలోకి మార్చకండి. `unit` కాలమ్‌లో "మొత్తం ఘటనలు" అని రాసి, పేపర్ ఇచ్చిన 0.67 రేషియోని, దాని ఇంటర్వల్‌ని అలాగే ఉంచండి.

తప్పు దొర్లిందో లేదో పట్టుకునే సులువైన పద్ధతి ఒకటుంది. పేపర్ ఇచ్చిన శాతాన్ని కూడా ఒక కాలమ్‌లో వేసి, మీ అంకెలతో వచ్చిన శాతంతో పోల్చండి. ఈవెంట్లు H లో, మొత్తం మంది G లో, పేపర్ శాతం I లో ఉంటే:

```
=IF(ABS(H2/G2*100-I2)>0.1,"CHECK","")
```

నా షీటులో మొదటిసారి ఇది పెట్టినప్పుడు తొమ్మిది చోట్ల CHECK వచ్చింది. ఆరు నా టైపింగ్ తప్పులు, రెండు మొత్తం ఘటనల లెక్కలు. మిగిలిన ఒక్కటి పేపర్‌లోని తప్పే.

## హజార్డ్ రేషియో వేయాలా, రెండు గ్రూపుల సంఖ్యలు వేయాలా?

రెండూ వేయండి, కానీ ఒకదాన్ని ఇంకొకటిగా వాడకండి. డాపా-హెచ్‌ఎఫ్ ప్రైమరీ సంఖ్యలతో రిస్క్ రేషియో కడితే 0.77 వస్తుంది. పేపర్ ఇచ్చిన హజార్డ్ రేషియో 0.74. రెండూ సరైనవే. రెండోది ఎప్పుడు జరిగిందన్న సమయాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ఒక ట్రయల్‌కి 0.74, ఇంకోదానికి మీరు కట్టిన 0.77 లాంటిది కలిపి ఒకే కాలమ్‌లో పెడితే మెటా-ఎనాలిసిస్‌లో గోల మొదలవుతుంది.

మెటా-ఎనాలిసిస్ చేసేవాళ్లకు లాగ్ విలువ, దాని స్టాండర్డ్ ఎర్రర్ కావాలి. పేపర్‌లో అవి ఉండవు, ఇంటర్వల్ నుంచి తీయాలి. డాపా-హెచ్‌ఎఫ్ ఇంటర్వల్ 0.65 నుంచి 0.85:

```
ln(HR) = ln(0.74) = -0.301
SE = (ln(0.85) - ln(0.65)) / 3.92 = 0.268 / 3.92 = 0.068
```

లాగ్ తీయకుండా 0.85 లోంచి 0.65 తీసేసి భాగించడం మామూలుగా జరిగే పొరపాటు. ఇక్కడైతే 0.051 వస్తుంది. ట్రయల్‌కి ఉన్నదానికన్నా కచ్చితత్వం ఎక్కువ ఉన్నట్టు చూపి, లేని బరువు ఇస్తుంది.

## స్కోర్ల మాటేమిటి? జీవన నాణ్యత లాంటివి?

ఏ స్కేలు, అందులో ఏ భాగం, ఎన్ని నెలలకు, స్కోరు పెరిగితే మంచిదా చెడ్డదా అన్న నాలుగూ రాయాలి. కేసీసీక్యూ స్కోరునే చూడండి. డాపా-హెచ్‌ఎఫ్ లక్షణాల మొత్తం స్కోరుని 8 నెలలకు ఇచ్చింది. ఎంపరర్-రెడ్యూస్డ్ క్లినికల్ సమ్మరీ స్కోరుని 52 వారాలకు ఇచ్చింది. "కేసీసీక్యూ" అని మాత్రమే రాసుకుంటే రెండూ ఒకటే అనుకుంటారు.

ప్లస్-మైనస్ గుర్తు తర్వాత ఉన్న అంకె స్టాండర్డ్ డీవియేషనా, స్టాండర్డ్ ఎర్రరా అని టేబుల్ కింద ఫుట్‌నోట్‌లో తప్పకుండా చూడండి. ఎర్రర్ అయితే దాన్ని n వర్గమూలంతో గుణిస్తే డీవియేషన్ వస్తుంది. వందమంది ఉన్న గ్రూపులో ఈ రెండింటి మధ్య పది రెట్ల తేడా ఉంటుంది.

## పేపర్‌లో అంకె లేదు. గడి ఖాళీగా వదలనా?

ఖాళీ అంటే "ఇంకా చూడలేదు" అని మాత్రమే అర్థం కావాలి. చూసినా లేకపోతే NR, ఆ ట్రయల్‌కి వర్తించకపోతే NA, ఒక్కరికీ జరగలేదని పేపరే చెప్తే 0. ఈ మూడింటినీ కలిపేస్తే తర్వాత విడదీయలేరు.

NR వేసే ముందు సప్లిమెంట్ పీడీఎఫ్ తెరవండి. సగం అంకెలు అక్కడే ఉంటాయి. ClinicalTrials.gov లో ఆ నంబరు కింద ఫలితాల ట్యాబ్ కూడా చూడండి. గ్రాఫ్ మాత్రమే ఉంటే WebPlotDigitizer లాంటి దాంతో చదవొచ్చు, కానీ `note` లో "గ్రాఫ్ నుంచి" అని రాయాలి. రచయితలకు మెయిల్ పెట్టొచ్చు. జవాబు వస్తుందని థీసిస్ తేదీ పెట్టుకోవద్దు.

`where_found` ఎందుకంటే ఇందుకే: "పేజీ 2001, టేబుల్ 2, మూడో వరుస" అన్నంత స్పష్టంగా రాస్తే వైవాకి ముందు రోజు ఎగ్జామినర్ అడగబోయే అంకెను అర నిమిషంలో చూసుకోవచ్చు.

## ఎక్సెల్ నా అంకెల్ని మార్చేస్తోంది.

మారుస్తుంది. ఎన్‌వైహెచ్‌ఏ తరగతి 2 నుంచి 4 అని చెప్పడానికి 2-4 అని కొడితే అది 02-Apr అయిపోతుంది. కాలమ్‌ని ముందే Text ఫార్మాట్‌లో పెట్టండి. టైప్ చేశాక మారిస్తే పాత అంకె తిరిగి రాదు, ఏదో ఐదంకెల సంఖ్య కనబడుతుంది.

ఇంకోటి కనిపించని తప్పు. పీడీఎఫ్ నుంచి మైనస్ ఉన్న అంకెను కాపీ చేస్తే ఆ గీత చాలాసార్లు కీబోర్డు మీది మైనస్ కాదు, అలా కనబడే వేరే అక్షరం. ఎక్సెల్ దాన్ని అంకెగా చూడదు, సగటు తీస్తే ఆ గడిని చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది. పక్క కాలమ్‌లో `=ISNUMBER(K2)` పెట్టి FALSE వచ్చినవి చేత్తో మళ్లీ కొట్టండి.

## ఇద్దరు విడివిడిగా తీయాలంటారు. థీసిస్ నా ఒక్కదానిదే కదా?

కాక్రేన్ హ్యాండ్‌బుక్ ఔట్‌కమ్ అంకెల్ని కనీసం ఇద్దరు విడివిడిగా తీయాలంటుంది. పీజీలో అది దొరకడం కష్టం. బ్యాచ్‌మేట్‌ని బతిమాలి ఔట్‌కమ్ షీటు మాత్రం చేయించుకోండి, డిజైన్ షీటు వదిలేసినా పర్వాలేదు. అదీ కుదరకపోతే రెండు వారాల తర్వాత మీరే కొత్త ఖాళీ షీటులో మళ్లీ తీసి పోల్చండి. పాత షీటు తెరిచి పెట్టుకుని "సరిచూస్తే" తప్పు కూడా సరిగానే కనబడుతుంది. ఏది చేశారో మెథడ్స్‌లో ఉన్నదున్నట్టు రాయండి.

మొదట మూడు నాలుగు పేపర్లతో షీటుని పరీక్షించండి. ఒకటి పెద్ద ట్రయల్, ఒకటి అస్తవ్యస్తంగా రాసిన చిన్న ట్రయల్ ఉండేలా ఎంచుకోండి. కాలమ్స్ మార్చాలన్నది అప్పుడే బయటపడుతుంది, ముప్ఫయ్యో పేపర్ దగ్గర కాదు.

## రిస్క్ ఆఫ్ బయాస్ కూడా ఇందులోనేనా?

వేరే షీటు. ఆర్‌ఓబీ 2 లో అంచనా ట్రయల్ మొత్తానికి కాదు, ఒక్కో ఫలితానికి. మరణాల లెక్కకు వచ్చే తీర్పు, రోగి స్వయంగా నింపిన స్కోరుకి రాకపోవచ్చు. `study_id`, `outcome` రెండూ పెడితే రెండు షీట్లు కలుస్తాయి.

## థీసిస్‌లో ఈ షీటు మొత్తం ప్రింట్ చేయాలా?

వద్దు. మొదటి షీటు నుంచి ఆరేడు కాలమ్స్ తీసి అడ్డపేజీలో "చేర్చిన ట్రయల్స్ లక్షణాలు" అని పెట్టండి. రెండో షీటు అనుబంధంలోకి. షీటు కాపీని తేదీతో సహా గైడ్‌కి మెయిల్ చేసి పెట్టండి. నా ల్యాప్‌టాప్ సబ్మిషన్‌కి పది రోజుల ముందు పోయింది, ఆ మెయిల్ అటాచ్‌మెంటే మిగిలింది.